మందు కాలికి, మరి బూటుకో?

మా గదిలో ఉండే మిత్రుడొకాయనకు (పేరు రాస్తే కోప్పడతారు) రెండేళ్ళుగా ఎడమకాలి చిటికెనవేలి సందు నానిపోయి, తెల్లబడి, చర్మం పొరలుగా ఊడుతుండేది. దురద సరేసరి. అథ్లెట్స్ ఫుట్ అంటారు గాని, ఆటగాళ్ళకే రావాలని లేదు. ఒంటిమీద తామరను పుట్టించే బూజు జాతిదే ఇదీను. దానికి కావలసిన చెమ్మ, వెచ్చదనం, గాలాడనిచోటు మూడూ ఈ గల్ఫ్ ఎండల్లో తొడిగే సేఫ్టీ బూట్లలో పుష్కలంగా ఉంటాయి.

డాక్టరుగారు ఇచ్చిన క్లోట్రిమజోల్ ఆయన పూటపూటా నాలుగు వారాలు రాశారు. తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. తప్పు మందుది కాదు. కాలి నుంచి రాలిన పొట్టులో ఆ బూజు బూటులోపల నెలల తరబడి బతికి ఉండగలదు.

ఆయనకున్నది ఒక్కటే జత. సాయంత్రం ఏడింటికి విప్పి, తెల్లవారి అయిదింటికి మళ్ళీ తొడిగేవారు. ఒకరోజు తొడిగేముందు బూటు ముందుభాగంలోకి టిష్యూ కాగితం కుక్కి తీస్తే, తడిగా వచ్చింది. పది గంటలు చాలలేదన్నమాట! అప్పుడు సొంత డబ్బుతో రెండో జత కొన్నారు. రోజు విడిచి రోజు వేసుకుంటే, సోమవారం రాత్రి విప్పిన జతకు బుధవారం ఉదయం దాకా 34 గంటల విరామం దొరుకుతుంది.

ఆరబెట్టడానికీ ఒక పద్ధతుంది. లేసులు వదులుచేసి, నాలుక పైకి లాగి, లోపలి అట్టను బయటికి తీయాలి. చెమట ఎక్కువగా పీల్చేది అదే. పాత న్యూస్‌పేపరు ఉండలుగా కుక్కి, రెండు గంటల తర్వాత మార్చాలి. ఆగస్టు రాత్రుల్లో బూట్లు గుమ్మం బయట పెట్టకండి. ఈ సముద్రపుగాలికి ఏదీ ఆరదు. ఏసీ గదిలో గాలే పొడిగా ఉంటుంది. వాసన మాత్రం భరించాలి, మేమూ భరించాం!

కొనేటప్పుడు పైభాగం తోలుదిగా, లోపలి లైనింగు జాలీగుడ్డదిగా చూసుకోండి. రెగ్జిన్, ప్లాస్టిక్ అయితే చెమట బయటికి పోదు. ముందు ఇనుపటోపీ ఉంటుంది కనుక వేళ్ళు ఒకదానికొకటి నొక్కుకోనంత వెడల్పు ఉండాలి. నూలు మేజోళ్ళు చెమట పీలుస్తాయి గాని తడి పట్టుకునే ఉంటాయి. అందుకని మిత్రుడు భోజనపు సంచిలో ఇంకో జత పెట్టుకుని, మధ్యాహ్నం వేళ్ళసందులు తుడుచుకుని మార్చేవారు.

రెండో జతతో పాటే మందు కూడా మళ్ళీ నాలుగు వారాలు వాడారు. బూటు మార్చినంత మాత్రాన ఉన్నది పోదు మరి. ఈసారి వేసవి దాటినా తిరిగి రాలేదు. అయితే గోళ్ళు పసుపుపచ్చగా మందమైతే బూజు అక్కడ కూడా చేరి ఉండవచ్చు, పైపూత సరిపోకపోవచ్చు. ఊరి నుంచి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు దురద ఆపి బూజును పెంచుతాయి. షుగరున్నవారు మాత్రం సందులో పగులు కనబడినా, పాదం ఎర్రబడి వాచినా ఆరోజే డాక్టరుకు చూపించాలి. ఆ పగుల్లోంచే చీము పట్టించే క్రిములు లోపలికి పోతాయి.