పది–పది: సంభాషణలో అధికారం

ఉపాధ్యాయుడు ప్రశ్న వేసి విద్యార్థి జవాబు చెప్పినంత మాత్రాన అది సంభాషణ కాదు. సరైన జవాబు ముందే ఒకరి చేతిలో ఉన్నప్పుడు అది వల్లెవేతకు మరో రూపం. విద్యార్థిని ఖాళీ ఖాతాగా, చదువును అందులో వేసే జమగా చూసే ఈ పద్ధతిని బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రెయిరె ‘బ్యాంకింగ్ విద్య’ అన్నాడు. 1968 నాటి ‘పీడితుల బోధనాశాస్త్రం’లో దానికి బదులుగా సంభాషణను ప్రతిపాదించాడు. అయితే తరగతిని మాట్లాడించడమే సంభాషణా?

1964 సైనిక కుట్ర తర్వాత ఫ్రెయిరె చిలీలో ప్రవాసమున్నాడు. అక్కడి రైతులతో జరిగిన ఒక సమావేశం గురించి 1992 నాటి ‘ఆశా బోధనాశాస్త్రం’లో చెప్పాడు. హుషారుగా సాగుతున్న చర్చ ఉన్నట్టుండి ఆగిపోయింది. మీరు చదువుకున్నవారు, మీరే చెప్పండి, మాకేం తెలుసు అన్నారు రైతులు. ఫ్రెయిరె వారిని బుజ్జగించలేదు. నల్లబల్లను రెండు భాగాలు చేసి పందెం పెట్టాడు. ఒకరు అడిగినదానికి ఎదుటివారు జవాబు చెప్పలేకపోతే అడిగినవారికి ఒక పాయింటు. ఆయన సోక్రటీసు పద్ధతి గురించి, హెగెల్ గురించి, అకర్మక క్రియ గురించి అడిగాడు. వారు భూమికి సున్నం వేయడం గురించి, పచ్చిరొట్ట ఎరువు గురించి అడిగారు. ఆట పది–పది వద్ద ముగిసింది.

ఈ ఆట రైతులకు జ్ఞానం లేదన్న మాటను చెరిపేసింది. కాని ఆయన జ్ఞానానికి ఉన్న పలుకుబడి వారి జ్ఞానానికి ఎందుకు లేదో చెప్పలేదు. ఆ ప్రశ్న బ్రెజిల్‌లోని పెర్నంబుకో రాష్ట్రంలో జరిగిన మరో సమావేశంలో వచ్చింది. నాకెందుకు తెలుసు, మీకెందుకు తెలియదు అని ఫ్రెయిరె అడిగాడు. మీ నాన్న మిమ్మల్ని బడికి పంపగలిగాడు, మా నాన్నలు పంపలేకపోయారు అన్నారు. అదెందుకు? దేవుడి ఇచ్ఛ అన్నారు. మరి ఒక్క బిడ్డను చదివించడానికి మిగతా బిడ్డలను కష్టాలపాలు చేసే పని తండ్రిగా మీరు చేస్తారా? చేయమన్నారు. మీరే చేయని అన్యాయాన్ని దేవుడు చేస్తాడా? కాసేపు మౌనం. తర్వాత, దీనికి కారణం దేవుడు కాదు, యజమాని అన్న జవాబు వచ్చింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. పందెం పెట్టినవాడూ, ప్రశ్నల వరుస నడిపినవాడూ ఫ్రెయిరెయే. ఉపాధ్యాయుడి అధికారం మాయం కాలేదు. తన మూలాలను తానే విచారణకు పెట్టుకుంది, అంతే. తర్వాతి విమర్శ ఇక్కడినుంచే బయలుదేరింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జాతివివక్షకు వ్యతిరేకంగా ఒక కోర్సు నడిపిన ఎలిజబెత్ ఎల్స్‌వర్త్, 1989లో రాసిన వ్యాసంలో, తన తరగతిలో అందరూ సమానంగా మాట్లాడగల స్థితి లేదని చెప్పింది. జాతి, లింగ భేదాల వల్ల నోరు విప్పితే కలిగే నష్టం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. అలాంటి చోట మౌనం అజ్ఞానం కాదు, ఆత్మరక్షణ కూడా కావచ్చు.

కనుక సంభాషణ నిజమైనదో కాదో తేల్చేది ఎందరు మాట్లాడారన్న లెక్క కాదు. ఉపాధ్యాయుడు తనకు జవాబు తెలియని ప్రశ్న ఒక్కటైనా తరగతి నుంచి విన్నాడా? విన్న తర్వాత పాఠం దారి మారిందా? మారకపోతే బల్లమీద రెండు భాగాలున్నా పాయింట్లు ఒకవైపే పడుతున్నట్టు.