పదో మెరుపు ఎప్పుడొస్తుంది?

పొలోనియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలను రూథర్‌ఫర్డ్, గైగర్ 1910లో మాంచెస్టర్‌లో లెక్కపెట్టించారు. కణం తగిలినప్పుడల్లా జింక్ సల్ఫైడ్ తెర మీద ఒక చిన్న మెరుపు మెరుస్తుంది. 7.5 సెకన్ల విడతలు 2,608 చూస్తే, విడతకు సగటున 3.87 మెరుపులు తేలాయి. అంటే సెకనుకు సుమారు 0.516. ఒక మెరుపు తర్వాత మరొకటి రావడానికి సగటున 1.94 సెకన్లు పడుతుందన్నమాట.

అయితే అది సగటు మాత్రమే. ఇంతసేపు ఎదురుచూశాం కాబట్టి మెరుపు దగ్గరపడిందని అనుకోవడానికి వీల్లేదు, గడిచిన కాలంతో పరమాణువుకు పని లేదు. ఇలాంటి నిరీక్షణను ఘాతీయ విభాజనం వర్ణిస్తుంది. అందులో చిన్న నిరీక్షణలే ఎక్కువ, పెద్దవి అరుదు.

ఇప్పుడు ఒక్క మెరుపు కోసం కాక పదో మెరుపు కోసం చూద్దాం. మొత్తం నిరీక్షణ పది స్వతంత్ర ఘాతీయ నిరీక్షణల మొత్తం. ఆ మొత్తం పాటించేదే గామా విభాజనం. ఎన్నో మెరుపు కోసం చూస్తున్నామో ఆ సంఖ్య దాని ఆకార పరామితి, ఇక్కడ 10. మెరుపుల వేగం దాని రేటు, ఇక్కడ 0.516. ఆకారాన్ని రేటుతో భాగిస్తే సగటు వస్తుంది: 19.4 సెకన్లు. ఆకారపు వర్గమూలాన్ని రేటుతో భాగిస్తే ప్రామాణిక విచలనం వస్తుంది: సుమారు 6.1 సెకన్లు. ఆకారం 1 అయితే రేఖ సున్నా దగ్గరే ఎత్తుగా మొదలై జారిపోతుంది. 10 అయితే 17.4 సెకన్ల దగ్గర శిఖరం లేచి, కుడివైపు తోక సాగుతుంది.

రేటు తెలియనప్పుడు కై-స్క్వేర్ ఆదుకుంటుంది. మొత్తం నిరీక్షణను రేటుతో, ఆపై 2తో గుణిస్తే వచ్చేది కై-స్క్వేర్ విభాజనమే. దాని స్వాతంత్ర్య స్థాయిలు మెరుపుల సంఖ్యకు రెట్టింపు. ఒకరు పది మెరుపులకు 20 సెకన్లు పట్టిందని చూశారనుకోండి. రేటు అంచనా సెకనుకు 0.5. 20 స్థాయిల పట్టికలో 95 శాతాన్ని మధ్యలో ఉంచే హద్దులు 9.59, 34.17. వాటిని 40తో భాగిస్తే అసలు రేటు 0.24కూ 0.85కూ మధ్య ఉండవచ్చని తేలుతుంది. పది మెరుపులు ఇంతకంటే కచ్చితంగా చెప్పలేవు. హద్దులు దగ్గరపడాలంటే మరిన్ని మెరుపులు లెక్కపెట్టాలి.

ఈ లెక్కంతా రేటు మారదన్న షరతు మీద నిలబడింది. పొలోనియం అర్ధాయువు 138 రోజులు కాబట్టి దాని బలం రోజురోజుకూ తగ్గుతుంది. షరతు తప్పిందేమో ఇలా పసిగట్టవచ్చు: పదేసి మెరుపుల నిరీక్షణలను అనేకసార్లు కొలిచి, ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించాలి. సుమారు 0.32 రావాలి. బాగా ఎక్కువొస్తే రేటు మారుతోందేమో చూడాలి. బాగా తక్కువొస్తే, దగ్గరదగ్గరగా వచ్చిన రెండు మెరుపులను పరికరం ఒకటిగా లెక్కిస్తోందేమో వెతకాలి.