శంకువులో మూడో వంతు ఎక్కడిది?

మా లెక్కల మాస్టారు ఒకరోజు రేకుతో చేసిన శంకువునూ, అంతే మూతీ అంతే ఎత్తూ ఉన్న డబ్బానూ తెచ్చి బల్ల మీద పెట్టారు. శంకువు నిండా ఇసుక పోసి డబ్బాలో ఒంపారు. మూడోసారికి డబ్బా అంచు దాకా నిండింది. వెంటనే సూత్రం బోర్డు మీదికెక్కింది: πr²hలో మూడో వంతు. సరిగ్గా మూడేనా, మూడుకు పిసరంత అటూ ఇటూ కాదా అని అడగాలనిపించింది గానీ నోరు పెగల్లేదు. అడిగినా ఇసుక దానికి జవాబు చెప్పలేదు. శంకువును కోసి చూడాల్సిందే.

దోసకాయను తరిగినట్టు దాన్ని చక్రాలుగా తరుగుదాం. మూతి వ్యాసార్ధం 10 సెం.మీ., ఎత్తూ 10 సెం.మీ. అనుకోండి. ఇలా సమానంగా తీసుకుంటే ఒక సుఖం ఉంది. కొన నుంచి ఎంత దూరంలో కోస్తే అక్కడి వ్యాసార్ధం కూడా అంతే. సెంటీమీటరు మందం చొప్పున పది ముక్కలు వస్తాయి. ప్రతి ముక్క అంచూ కాస్త ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలును పక్కనపెట్టి, ముక్క పెద్ద ముఖం కొలతతో నిలువు అంచున్న బిళ్ళ చేద్దాం. వ్యాసార్ధాలు 1, 2, 3... అలా 10 దాకా. ఒక్కో బిళ్ళ ఘనపరిమాణం, వ్యాసార్ధం వర్గాన్ని πతోనూ మందంతోనూ గుణిస్తే వచ్చేది. పది వర్గాలూ కూడితే 385. అంటే 385π ఘనపు సెంటీమీటర్లు. ఇది అసలు కంటే ఎక్కువ. చిన్న ముఖం కొలతతో చేస్తే 285π వస్తుంది, ఇది తక్కువ. డబ్బా ఏమో 1000π.

ఇప్పుడు మిల్లీమీటరు మందంతో వంద ముక్కలు కోయండి. పెద్ద బిళ్ళల మొత్తం 338.35π, చిన్న బిళ్ళల మొత్తం 328.35π. రెండింటి తేడా ఎప్పుడూ మూతి దగ్గరి చివరి బిళ్ళంతే. ముక్క పల్చబడే కొద్దీ ఆ బిళ్ళా పల్చబడుతుంది. ఎంత పల్చగా కోసినా ఈ రెండు మొత్తాల మధ్యే ఉండగలిగే సంఖ్య ఒక్కటే, 1000πలో సరిగ్గా మూడో వంతు. సమాకలనం చేసే పని ఇదే: ∫πx²dx, 0 నుంచి 10 వరకు, విలువ 1000π/3. ఎత్తూ వ్యాసార్ధమూ వేరువేరైతే x దగ్గర వ్యాసార్ధం rx/h అవుతుంది, మిగతా దారి అదే.

చాలామంది ముందు సగం అనుకుంటారు. పక్క నుంచి చూస్తే కనబడే త్రిభుజం దీర్ఘచతురస్రంలో సగమే కదా! కానీ సగం ఎత్తులో చక్రం వ్యాసార్ధం సగమైతే, దాని వైశాల్యం పావే. మూడో వంతు పుట్టింది ఆ వర్గం నుంచి.

ఇక గోళం. వ్యాసార్ధం 10 సెం.మీ. ఉన్న అర్ధగోళాన్ని బల్ల మీద బోర్లించి, 6 సెం.మీ. ఎత్తులో అడ్డంగా కోయండి. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం అక్కడి చక్రం వ్యాసార్ధం 8, వైశాల్యం 64π. ఇది 100π లోంచి 36π తీసేస్తే మిగిలేది. 100π డబ్బా చక్రం. 36π, కొన కింద పెట్టి నిలబెట్టిన మన శంకువు అదే ఎత్తులో ఇచ్చే చక్రం. 6 దగ్గరే కాదు, ఏ ఎత్తులో కోసినా అంతే: π(100 − x²). కాబట్టి అర్ధగోళం అంటే డబ్బాలోంచి శంకువు తీసేయగా మిగిలింది, 1000πలో మూడింట రెండు వంతులు. రెండు అర్ధగోళాలు కలిపితే πr³కు మూడింట నాలుగు వంతులు. కొత్తగా సమాకలనం చేసే పనే పడలేదు.

ఈ బిళ్ళల పద్ధతిని ఉపరితల వైశాల్యానికి మాత్రం వాడకూడదు. బిళ్ళల నిలువు అంచులన్నీ కూడితే గోళానికి 4πr² బదులు π²r² వస్తుంది, అంటే 12.57r² ఉండాల్సిన చోట 9.87r². ఘనపరిమాణంలో ముక్క పల్చబడితే మాయమయ్యే ఏటవాలు, ఇక్కడ ఎంత సన్నగా కోసినా మాయం కాదు.

గోళం దగ్గర మహామహులే తడబడ్డారు. 499 నాటి ఆర్యభటీయంలో ఉన్న సూత్రం ప్రకారం, గోళాన్ని నడిమికి కోస్తే వచ్చే వృత్త వైశాల్యాన్ని దాని వర్గమూలంతోనే గుణించాలి. మన 10 సెం.మీ. గోళానికి అది సుమారు 5568 ఘనపు సెంటీమీటర్లు ఇస్తుంది. అసలు విలువ సుమారు 4189. సరైన సూత్రం భాస్కరాచార్యుడి లీలావతిలో ఉంది, 1150 నాటిది: ఉపరితల వైశాల్యాన్ని వ్యాసంతో గుణించి ఆరుతో భాగించాలి.