పండుగ టీవీ బేరంలో అసలు ధర ఎంత?
మూడు ప్రశ్నలు అడిగితేగాని తేలని లెక్క

అనంతపురం: దసరా, దీపావళి బేరాలు వేరుశనగ కోతకు కాస్త ముందుగానో, దానితో పాటుగానో వస్తాయి. జూన్, జూలై మాసాలలో విత్తిన కాయ అక్టోబరు, నవంబరులో గాని యార్డుకు చేరదు. కనుక టీవీ కొనే కోరిక ముందు, చేతిలో రొక్కం తరువాత అన్నది ఈ జిల్లాలో మామూలు. ఎక్స్చేంజి బోనసు, వడ్డీలేని వాయిదాలు అనే రెండు ఆకర్షణలకూ ఇక్కడ గిరాకీ ఉండడానికి కారణం అదే. శనక్కాయ బస్తా తేమను చేతితో పట్టి చెప్పగల వ్యాపారి కూడా టీవీ దుకాణంలో బోర్డు మీది అంకెను నమ్మి వచ్చేయడం కద్దు.

ముందుగా పన్ను సంగతి. 32 అంగుళాలకు మించిన టీవీలపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 32 అంగుళాలు, అంతకు లోపు సెట్లపై అంతకు మునుపే 18 శాతం ఉండేది గనుక వాటిలో మార్పేమీ లేదు. పన్ను లేకుండా 25,000 రూపాయలు పడే 43 అంగుళాల సెట్టు పాత లెక్కన 32,000. కొత్త లెక్కన 29,500. పెట్టెపై పాత ధర ముద్ర చూపి '2,500 పండుగ ముదరా' అన్నారంటే అందులో దుకాణం వదులుకున్నది ఒక్క పైసా లేదు. 32 అంగుళాల సెట్టుకు 'పన్ను తగ్గింపు' పేరుతో ముదరా చూపితే ఆ పేరే తప్పు.

ఇక నమూనా నంబరు. '43 అంగుళాల 4కె స్మార్ట్ టీవీ' అన్నది సరుకు పేరు కాదు, 'మంచి కాయ' అన్నట్టు ఒక వర్ణన మాత్రమే. శాంసంగ్ సెట్లలో UA43CU7700KLXL అన్నది ఒకటి, UA43DU7700KLXL అన్నది మరొకటి. ఎదుట నిలబడి చూస్తే రెండింటికీ తేడా కనబడదు. 43 పరిమాణం, దాని పక్కనున్న C 2023 నాటి వరుసకు, D 2024 నాటి వరుసకు గుర్తు. ఎల్.జి.లో UR 2023ది, UT 2024ది. నిరుటి వరుస తీసికట్టు అని కాదు. దానికి నిరుటి ధర కట్టించుకుంటే పేచీ లేదు. ఒక దుకాణంలో C ధర, మరొక దుకాణంలో D ధర పక్కపక్కన పెట్టి 'ఇక్కడ చవక' అనడమే తప్పు. ఆన్‌లైన్‌లోను, దుకాణాలలోను ఒకే పోలికతో వేర్వేరు నంబర్లు నడుస్తుంటాయి. అందుచేత చివరి అక్షరం దాకా చీటీ మీద రాసుకోవాలి.

నంబరు నాలుగు చోట్ల దొరుకుతుంది: పెట్టె చీటీ, సెట్టు వెనుక అంటించిన చీటీ, విద్యుత్తు నక్షత్రాల చీటీ, బిల్లు. శాంసంగ్ సెట్టు అయితే ఆన్ చేసి Settings, Support, About This TV వరుసలో వెళ్తే తెరపైనా వస్తుంది. నాలుగింటిలో ఏ ఒక్కటి కలవకపోయినా బేరం అక్కడ ఆపి అడగవలసిందే. పెట్టెపై తయారీ నెల, సంవత్సరం చూడాలి. బిల్లులో సీరియల్ నంబరు లేకుంటే రాయించుకోవాలి. అది లేని బిల్లుతో ఆరు నెలల తరువాత కళ్యాణదుర్గం నుంచో రాయదుర్గం నుంచో మెకానిక్కును పిలిస్తే, ఆ సెట్టు ఈ బిల్లుదేనని రుజువు చేయడం కొనుగోలుదారు మెడకు చుట్టుకుంటుంది.

నంబరు ఒకటేనని తేలాక లెక్కకు రావచ్చు. ఉదాహరణకు మొదటి దుకాణం బోర్డు మీద 32,000, 'ఎక్స్చేంజిపై 5,000 వరకు', పది నెలల వడ్డీలేని వాయిదాలు ఉన్నాయనుకుందాం. రెండవ దుకాణంలో రొక్కానికి 28,500, ఎక్స్చేంజి లేదు.

మొదటి చోట 'వరకు' అన్న మాటే కీలకం. పాత డబ్బా టీవీకి వెల 1,000, బోనసు 2,000, వెరసి 3,000 కట్టారు; 5,000 అన్నది తెర పగలని పెద్ద సెట్లకు. మిగిలింది 29,000. ఇప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న: పాత సెట్టు ఇవ్వకుండా రొక్కం పెడితే ఎంత? దుకాణదారు 30,500 అన్నాడు. రెండవ ప్రశ్న: పాత సెట్టూ ఇచ్చి, రొక్కమూ పెడితే? 27,500 అన్నాడు. అదే పాత సెట్టు బయట 800కు పోతుందనుకుంటే రెండవ దుకాణంలో నికరంగా పడేది 27,700. అంటే రొక్కం పెట్టేవాడికి మొదటి దుకాణమే 200 చవక. ఎక్స్చేంజి అంతా కంటితుడుపు అనుకోవడం కూడా పొరపాటే.

వాయిదాలకు వెళ్తేనే లెక్క తిరగబడుతుంది. 29,000ను పది భాగాలు చేస్తే నెలకు 2,900. రెండు వాయిదాలు ముందుగానే కట్టమంటారు, 5,800. ఫైలు ఖర్చు 800, దానిపై 18 శాతం పన్ను 144. మొదటి రోజే చేతి నుంచి పోయేది 6,744. మిగిలిన ఎనిమిది నెలలకు 23,200. మొత్తం 29,944. రొక్కం ధర 27,500 గనుక తేడా 2,444. వ్యాపారి నిజంగా వాడుకున్న అప్పు 27,500లో 6,744 పోను 20,756 మాత్రమే, అదీ నెలనెలా తరిగిపోయేది. ఆ లెక్కన వడ్డీ నూటికి నెలకు రెండున్నర రూపాయలకు కాస్త పైన పడింది. పేరుకు సున్నా వడ్డీ. సొంత బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు నూటికి రూపాయి చుట్టుపక్కల దొరుకుతున్నవారికి ఇది గిట్టుబాటు కాదు.

సున్నా వడ్డీ అన్నది ఎక్కడా ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఫైనాన్సు కంపెనీకి ఆ వడ్డీని తయారీదారో దుకాణదారో కడతాడు; అది ధరలోనో, వదులుకున్న ముదరాలోనో తిరిగి వస్తుంది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త చిల్లర రుణాలకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అందులో ఫైలు ఖర్చు కలిపి ఏడాది రేటు వేస్తారు. కాని దుకాణంలో వదులుకున్న రొక్కపు ముదరా ఆ పత్రంలోకి ఎక్కదు. పై లెక్కలో 2,444లో 1,500 ఆ రకమే. క్రెడిట్ కార్డు వాయిదా అయితే వడ్డీని ముదరాగా తిరిగి ఇచ్చినా, ఆ వడ్డీపై 18 శాతం పన్ను కార్డుదారుకే పడుతుంది.

మూడవ ప్రశ్న తేదీది. వాయిదా నెల మొదటి వారంలో ఖాతా నుంచి దానంతట అదే పోతుంది. మండీ కమీషన్ వ్యాపారికి డబ్బు వచ్చేది సరుకు దిగిన రోజునో, మిల్లు చెల్లించిన రోజునో. వాన వెనక్కు పోయిన ఏడాది నవంబరు రాబడి డిసెంబరుకు జరిగితే, 2,900 వాయిదా తప్పి బౌన్సు ఖర్చులు, జరిమానా పడతాయి. ఆ ఖర్చు కొన్ని వందలే. కాని తప్పిన వాయిదా రుణ చరిత్రలో నమోదవుతుంది, ఓవర్‌డ్రాఫ్టు పునరుద్ధరణకు వెళ్లినపుడు బ్యాంకు మేనేజరు చూసేది దాన్నే. సీజను పెట్టుబడి మీద ఆధారపడిన వ్యాపారి వాయిదా తీసుకోక తప్పకపోతే, తేదీని తన రాబడికి అనుకూలంగా వేయమని సంతకానికి ముందే అడగడం, లేదా మొదటి మూడు వాయిదాల సొమ్ము ఆ ఖాతాలో విడిగా ఉంచడం మేలు.