రుఖ్ఖా మీద రూట్ మ్యాప్ ఎందుకు మసకబారుతుంది? ఎస్‌వీజీ ఎక్కడ పనికొస్తుంది, పీఎన్‌జీ ఎక్కడ?

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఫంక్షన్ హాల్ బుక్ చేసుకున్న ప్రతి ఇంట్లోనూ రుఖ్ఖా వెనకాల రూట్ మ్యాప్ వేయించడం మామూలైపోయింది. పాతబస్తీ నుంచి వచ్చే చుట్టాలకు సుచిత్ర, కొంపల్లి, కండ్లకోయ మీదుగా మేడ్చల్ రావాలా, లేక అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట చేరాలా అన్నది చెప్పకపోతే సగం మంది ఔటర్ దగ్గరే తిరుగుతుంటారు. అందుకే నాలుగు గీతలు, పది పేర్లు, ఒక బాణం గుర్తుతో చిన్న బొమ్మ గీయిస్తాం. కంప్యూటర్‌లో చూస్తే చక్కగానే ఉంటుంది. కార్డు అచ్చయి వచ్చాక చూస్తే ఊళ్ల పేర్లు మసకగా, ఉర్దూ అక్షరాలు విడివిడిగా, గీతలు రంపపు పళ్లలా కనిపిస్తాయి. చాలామంది ప్రెస్ వాళ్లనే తప్పుపడతారు. నిజానికి ఎక్కువసార్లు లోపం మనం ఇచ్చిన ఫైల్‌లోనే ఉంటుంది.

బొమ్మ గీసిన సాఫ్ట్‌వేర్ నుంచి దాన్ని బయటికి తీసేటప్పుడు ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి పీఎన్‌జీ, రెండోది ఎస్‌వీజీ. పీఎన్‌జీ అంటే చిన్న చిన్న రంగు గళ్లతో నింపిన బొమ్మ. ఆ గళ్లనే పిక్సెల్స్ అంటారు. ఎన్ని గళ్లున్నాయో ఎక్స్‌పోర్ట్ చేసిన రోజే ఖరారైపోతుంది. ఎస్‌వీజీలో గళ్లుండవు. ఇక్కడి నుంచి అక్కడికి గీత, ఇంత మందం, ఈ రంగు, ఈ చోట ఈ పేరు అని రాసి ఉన్న సూచనలుంటాయి. తెరిచిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ సూచనలు చదివి బొమ్మను కొత్తగా గీస్తుంది. కాబట్టి ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో 4 అంగుళాల వెడల్పు రూట్ మ్యాప్ గీశామనుకోండి. పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు `DPI` అనే పెట్టెలో మామూలుగా 96 అని ఉంటుంది. అంటే అంగుళానికి 96 గళ్లు. 4 అంగుళాలకు 384 గళ్లు వస్తాయి. సెల్‌ఫోన్‌లో చూడటానికి ఇది ఫరవాలేదనిపిస్తుంది. కానీ కార్డు అచ్చుకు అంగుళానికి కనీసం 300 కావాలి. మ్యాప్‌లో సన్నని గీతలు, చిన్న అక్షరాలే ఎక్కువ కాబట్టి 600 పెట్టుకోవడం మంచిది. అప్పుడు 2400 గళ్ల వెడల్పు వస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసే ముందే ఆ పెట్టెలో 600 రాయాలి. 384 గళ్ల ఫైల్‌ను తర్వాత ఫోటోషాప్‌లో తెరిచి 600 అని మార్చినా లాభం లేదు. లేని వివరాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది, మసక అలాగే ఉంటుంది.

అదే మ్యాప్‌ను మలుపు దగ్గర 6 అడుగుల ఫ్లెక్సీగా కట్టాలంటే? 6 అడుగులంటే 72 అంగుళాలు. 384 గళ్లను అంత దూరం పరిస్తే ఒక్కో గడి దాదాపు 5 మిల్లీమీటర్లవుతుంది. ఊరి పేరు ఇటుకలు పేర్చినట్టు కనిపిస్తుంది. 2400 గళ్ల ఫైల్ అయితే ఒక్కో గడి మిల్లీమీటరు కంటే తక్కువే. రోడ్డు మీద వెళ్లేవాళ్లు కొంచెం దూరం నుంచే చూస్తారు కాబట్టి సరిపోతుంది. ఎస్‌వీజీకి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. అదే ఫైల్ కార్డుకూ, ఫ్లెక్సీకీ సరిపోతుంది.

మరి అన్నిచోట్లా ఎస్‌వీజీయే ఇచ్చేస్తే పోలేదా అంటే, అసలు చిక్కు అక్కడే ఉంది. మన ఇళ్ల కార్డుల్లో ఆ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే మనకు ఒకే మ్యాప్‌లో తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ కావాలి.

ఎస్‌వీజీలో పేరు బొమ్మగా ఉండదు, అక్షరాలుగానే ఉంటుంది. 'ఫలానా ఫాంట్‌లో మేడ్చల్ అని రాయి' అన్న సూచన మాత్రమే ఫైల్‌లో వెళ్తుంది. మామూలుగా ఫాంట్ వెంట వెళ్లదు. తెరిచిన కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే తన దగ్గరున్న వేరే ఫాంట్‌తో రాసేస్తుంది. ఉర్దూ విషయంలో ఇది వెంటనే తెలిసిపోతుంది. మనం నస్తాలీఖ్‌లో ఏటవాలుగా, అందంగా పెట్టిన పేరు అటు పక్క అరబ్బీ పుస్తకాల్లోలాంటి నస్ఖ్ అక్షరాల్లో అడ్డంగా పరుచుకుంటుంది. వెడల్పు మారిపోయి పక్కనున్న రోడ్డు గీత మీదకు ఎక్కుతుంది. తెలుగులో అయితే ఒత్తులు జారిపోవచ్చు, లేదా అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు రావచ్చు. డీటీపీ షాపుల్లో వాడే పాత అను ఫాంట్లతో రాసిందైతే మరీ ఘోరం. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని చోట మన తెలుగు కాస్తా ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజిగా మారుతుంది.

దీనికి మందు ఒక్కటే. అక్షరాలను గీతలుగా మార్చేసి పంపాలి. ప్రెస్ వాళ్లు 'కర్వ్స్ చేసి పంపండి భాయ్' అనేది దీన్నే. ఇంక్‌స్కేప్‌లో అన్నీ సెలెక్ట్ చేసి `Path` మెనూలో `Object to Path` నొక్కాలి. కోరల్‌డ్రాలో అయితే `Ctrl+Q`. ఆ తర్వాత అది ఫాంట్‌తో పని లేని ఆకారం. ఎక్కడ తెరిచినా అలాగే ఉంటుంది. కాకపోతే ఒకసారి మార్చాక పేరులో తప్పుంటే దిద్దడం కుదరదు. హాల్ పేరో, తేదీయో మారితే మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ముందు అక్షరాలున్న అసలు ఫైల్‌ను వేరే పేరుతో దాచి, కాపీని మాత్రమే కర్వ్స్ చేయండి. పంపే ముందు ఆ కాపీని ఫాంట్ లేని వేరే కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూస్తే అనుమానం తీరిపోతుంది.

ప్రెస్‌కు పీడీఎఫ్ కూడా ఇవ్వొచ్చు. నన్నడిగితే అదే ఇంకా మేలు. గీతలు గీతలుగానే ఉంటాయి, కాగితం కొలత కూడా మారదు. రంగు విషయం మాత్రం ముందే అనుకోండి. పీఎన్‌జీ అయినా, ఎస్‌వీజీ అయినా స్క్రీన్ రంగులతోనే పనిచేస్తాయి. ప్రెస్‌లో నాలుగు సిరాలతో అచ్చు వేసేసరికి మెరిసే ఆకుపచ్చ కొంచెం చప్పబడుతుంది. రంగు ముఖ్యమైతే ఒక నమూనా కార్డు తీయించుకోండి.

పేరు చివర `.svg` ఉన్నంత మాత్రాన అది నిజమైన ఎస్‌వీజీ అని నమ్మొద్దు. వాట్సాప్‌లో వచ్చిన మ్యాప్ ఫోటోను సాఫ్ట్‌వేర్‌లో అతికించి ఎస్‌వీజీగా సేవ్ చేసి ఇచ్చేస్తుంటారు. లోపల అవే పాత గళ్లుంటాయి. గుర్తుపట్టడం తేలికే. ఎనిమిది రెట్లు జూమ్ చేసినప్పుడు అంచు మెట్లు మెట్లుగా కనిపిస్తే అది ఫోటోయే. ఇంకా అనుమానముంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. `<image` పక్కనే `data:image/png;base64` అని, ఆ తర్వాత అంతులేని అక్షరాల వరస కనిపిస్తే లోపల ఫోటో దాగి ఉన్నట్టే. పీఎన్‌జీని ఎస్‌వీజీగా మార్చిపెడతామనే వెబ్‌సైట్లు కూడా చిన్న తెలుగు అక్షరాల్లో వట్రసుడిని, ఒత్తును కలిపి ముద్ద చేస్తాయి. పది పేర్ల మ్యాపే కదా, కొత్తగా గీయించుకోవడం నయం.

వాట్సాప్‌కు మాత్రం పీఎన్‌జీయే. ఖాలాకు, చాచాకు ఎస్‌వీజీ పంపితే చాలా ఫోన్లలో అది తెరుచుకోదు. 1080 గళ్ల వెడల్పు పీఎన్‌జీ పంపితే చాలు. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని నలిపి పంపుతుంది, సన్నని అక్షరాల చుట్టూ మరకల్లా వస్తాయి. చూడటానికైతే ఫరవాలేదు. అదే బొమ్మను ప్రెస్‌కు పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఇంకో మాట. వెనక రంగు లేని పారదర్శక పీఎన్‌జీని డార్క్ మోడ్ ఫోన్‌లో చూస్తే నల్ల గీతలు నల్లటి తెరలో కలిసిపోతాయి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టే ఎక్స్‌పోర్ట్ చేయండి.

ఇక స్లైడ్ల సంగతి. హాల్లో టీవీ మీద వేసే స్లైడ్‌షో అయినా, కాలేజీ ప్రాజెక్టు అయినా ఒకటే. కొత్త పవర్‌పాయింట్ ఎస్‌వీజీని నేరుగా తీసుకుంటుంది. `Convert to Shape` నొక్కితే రోడ్లు, బాణాలు విడివిడి ముక్కలవుతాయి, ఒక్కోదాన్ని వరుసగా కనిపించేలా చేయొచ్చు. పవర్‌పాయింట్ 2013లో ఎస్‌వీజీ పెట్టే వీలు లేదు. గూగుల్ స్లైడ్స్ కూడా దాన్ని నేరుగా తీసుకోదు. ఏ కంప్యూటర్ మీద చూపిస్తారో తెలియనప్పుడు 1920 గళ్ల వెడల్పు పీఎన్‌జీ పెట్టుకోవడం క్షేమం. మామూలు టీవీ తెర వెడల్పు కూడా అంతే.

కండ్లకోయ, మేడ్చల్ చుట్టుపక్కల కాలేజీల్లో ఇంజినీరింగ్ చదివే మన పిల్లలు బ్లాక్ డయాగ్రాములు ఎక్కువగా డ్రాడాట్‌ఐఓలో గీస్తారు. దాని ఎస్‌వీజీని వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే కొన్నిసార్లు డబ్బాల్లో రాత చెదిరిపోయి, కింద `Text is not SVG - cannot display` అన్న మాట కనిపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ డబ్బాల్లోని రాతను ఎస్‌వీజీ అక్షరాలుగా కాకుండా వెబ్ పేజీ ముక్కగా దాచడమే కారణం. బ్రౌజర్‌కు అది అర్థమవుతుంది, మిగతావాటికి అర్థం కాకపోవచ్చు. డబ్బాలన్నీ సెలెక్ట్ చేసి, `Text` ట్యాబ్‌లో `Word Wrap`, `Formatted Text` టిక్కులు తీసేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే సరిపోతుంది. రిపోర్టు ప్రింటు రేపే ఉంటే ఇంత గొడవ ఎందుకు, పీఎన్‌జీలో `Zoom` 300 శాతం పెట్టండి. 600 గళ్ల బొమ్మ 1800 అవుతుంది, 6 అంగుళాల వెడల్పులో శుభ్రంగా పడుతుంది.

వెబ్ పేజీలో గీతల బొమ్మకు ఎస్‌వీజీకి మించింది లేదు. ఫైల్ చిన్నది, ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసినా పదునుగా ఉంటుంది. ఇలా పెడతారు:

```
<img src="route-map.svg" width="600"
     alt="సుచిత్ర నుంచి మేడ్చల్ దారి">
```

ఇలా పెట్టినప్పుడు పేజీకి పెట్టిన వెబ్ ఫాంట్ ఆ బొమ్మ లోపలికి వెళ్లదు, కాబట్టి ఇక్కడా అక్షరాలను గీతలుగా మార్చాల్సిందే. అలా మార్చాక కళ్లు కనిపించనివారికి పేజీ చదివిపెట్టే సాఫ్ట్‌వేర్‌కు అందులోని పేర్లు దొరకవు. అందుకే `alt`లో దారిని మాటల్లో రాయాలి. వర్డ్‌ప్రెస్ మామూలుగా ఎస్‌వీజీని అప్‌లోడ్ చేయనివ్వదు. అందులో ప్రోగ్రామ్ కోడ్ కూడా దాచవచ్చన్నది దాని భయం, ఆ భయం నిజమే. ఎవరో పంపిన ఎస్‌వీజీని అలాగే సైట్‌లోకి ఎక్కించకండి. ఇక శాటిలైట్ మ్యాప్, హాల్ ఫోటో, నీడలు, పొగమంచు లాంటి ఎఫెక్టులున్న బొమ్మలకు ఎస్‌వీజీ వద్దు, పిక్సెల్ బొమ్మే సరైనది. లింకును వాట్సాప్‌లో షేర్ చేసినప్పుడు పైన కనిపించే చిన్న బొమ్మ కోసం కూడా పీఎన్‌జీయో, జేపీజీయో వేరుగా పెట్టాలి. అక్కడ ఎస్‌వీజీ పెడితే ఆ చోటు ఖాళీగానే కనిపిస్తుంది.