మూడు అప్పులు, ఒక నోటు పుస్తకం

కొడుకు స్నానానికి వెళ్లినప్పుడు అతని ఫోన్ ఆగకుండా మోగింది. తల్లి ఎత్తింది. "ఈరోజు కట్టకపోతే మీ చుట్టాలందరికీ ఫోన్ చేస్తాం" అన్నారు అవతల.

ఆమె అరవలేదు. నోటు పుస్తకం తెచ్చి, "అన్నీ చెప్పు నాన్నా, ఒక్కటీ దాచకు" అంది.

మూడు బాకీలు తేలాయి. ఒక లోన్ యాప్‌కు 5,000, ఫైనాన్స్ కంపెనీకి 3,200 చొప్పున మూడు వాయిదాలు, స్నేహితుడికి వడ్డీ లేని 6,000. మొత్తం 20,600.

వీటిలో ప్రమాదం యాప్ అప్పే. ఐదు వేలు రాసి, చేతికిచ్చింది 3,500. గడువు వారం. కట్టలేనప్పుడల్లా 1,500 తీసుకుని ఇంకో వారం పొడిగించింది. అసలు మాత్రం రూపాయి తగ్గలేదు. దాన్ని తీర్చడానికే స్నేహితుడి దగ్గర చెయ్యి చాచాడట.

తల్లి తన పొదుపులోంచి 5,000 తీసి ముందు దాన్ని మూసేయించింది. బాకీ లేదన్న రసీదు తెప్పించుకుని దాచింది. మిగిలింది 15,600. జీతం పడగానే వాయిదా 3,200, స్నేహితుడికి 2,000. ఇలా మూడు నెలలు. కొత్త అప్పుతో పాతది తీర్చే పని ఇక ఉండదు.

రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు. బెదిరింపు కాల్స్ మళ్లీ వస్తే స్క్రీన్‌షాట్లతో పోలీసులకు ఫిర్యాదు చేయాలని ఇద్దరూ అనుకున్నారు.

"స్నేహితుడికి నువ్వే ఫోన్ చేసి, నెలకు రెండు వేలని చెప్పు" అంది తల్లి.