జనవరి బ్యాచ్‌కి లక్ష్యం చీటీ

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఒక్కసారి తిరిగితే చాలు, 45 రోజుల్లో అనర్గళంగా ఇంగ్లిష్ నేర్పిస్తామనే కరపత్రాలు చేతి నిండా చేరతాయి. కొత్త సంవత్సరం వస్తే దానికి ఫీజు తగ్గింపు కూడా తోడవుతుంది. ఈ తగ్గింపు వల్ల వచ్చేవాళ్లు వస్తారు గానీ, నిలిచేవాళ్లు పెరగరని నా అభిప్రాయం. "ఈ ఏడాది ఇంగ్లిష్ నేర్చుకోవాలి" అనుకున్న మనిషికి డబ్బు ఒక్కటే అడ్డం కాదు. ఎందుకు, ఎప్పుడు, ఎంత అన్నది అతనికే తేలి ఉండదు.

అది తేల్చే పని ఇన్‌స్టిట్యూటే చేయొచ్చు. డిసెంబరు చివరి వారంలో ఉచిత డెమో క్లాస్ పెట్టి, వచ్చినవాళ్ల చేత ఒక చిన్న చీటీ రాయించాలి. ఎవరితో మాట్లాడేటప్పుడు నోరు పెగలడం లేదు, ఏ నెలకల్లా ఆ పని చేయగలగాలి, రోజులో ఏ గంట నిజంగా ఖాళీ. ఈ మూడే.

ఒక మెడికల్ షాపు కుర్రాడు వచ్చాడనుకుందాం. "ఫ్లూయెన్సీ కావాలి సార్" అంటాడు. "అది సరే బాబూ, ఎక్కడ ఇబ్బంది పడుతున్నావు?" అని సార్ గుచ్చి అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. పక్క ఆసుపత్రికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు మాత్ర తిండికి ముందా, తర్వాతా అని అడిగితే చేతులతో చూపిస్తున్నాడు. అప్పుడు చీటీలో పడాల్సింది "తడబడకూడదు" అన్న మాట కాదు. "ఫిబ్రవరి ఆఖరుకల్లా మందు ఎలా వాడాలో కస్టమర్‌కి ఇంగ్లిష్‌లో చెప్తాను" అని రాయించాలి. ఈ తేడా చిన్నది కాదు. స్వీడన్ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఏదో ఒకటి చేస్తామని తీర్మానించుకున్నవారిలో 59 శాతం ఏడాది తర్వాత తాము నెగ్గామని చెప్పారు. ఏదో ఒకటి మానేస్తామన్నవారిలో అలా చెప్పింది 47 శాతమే.

చీటీ రాశాక అతని చేత ఒక నిమిషం ఇంగ్లిష్‌లో మాట్లాడించి, అతని ఫోన్‌లోనే రికార్డు చేయించాలి. సిగ్గుపడతాడు, పర్వాలేదు. కోర్సు చివర పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం.

ఇక నిజాయితీగా చెప్పాల్సిన లెక్క ఒకటుంది. ఒక స్థాయి నుంచి పై స్థాయికి చేరాలంటే సుమారు 200 గంటల బోధన కావాలని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా. రోజుకి గంట చొప్పున 45 రోజులంటే 45 గంటలు. అందులో అనర్గళం రాదు. మందుల షాపు సంభాషణ మాత్రం బాగా వస్తుంది. ఈ మాట డెమోలోనే చెప్తే కొందరు లేచి వెళ్లిపోతారు. మూడో వారంలో ఫీజు వెనక్కిమ్మని గొడవపడేవాళ్లు కూడా వాళ్లే కాబట్టి, ఇప్పుడు వెళ్లడమే నయం.

చీటీల్లో మూడో జవాబు ఇన్‌స్టిట్యూట్‌కే ఎక్కువ పనికొస్తుంది. 60 చీటీల్లో 22 మంది రాత్రి 9 తర్వాతే ఖాళీ అని రాశారనుకోండి. సాయంత్రం 6 గంటల బ్యాచ్‌కి రమ్మని వాళ్లకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఉపయోగం లేదు. 9 గంటల బ్యాచ్ తెరిచి, ఒక్కొక్కరికీ రెండు రోజుల్లోపు ఫోన్ చేసి, వాళ్లు రాసిన వాక్యమే చదివి వినిపిస్తే అడ్మిషన్‌కి దారి పడుతుంది. ఆఫర్ ఊసెత్తాల్సిన పని ఉండదు.

తెలుగునాట ఈ ప్రచారానికి అసలు గండం సంక్రాంతి. జనవరి 2న మొదలైన బ్యాచ్ పది రోజులకే ఊళ్ల బాట పడుతుంది. పండగ తర్వాత మొదటి సోమవారం హాజరు పట్టీ చూస్తే ఎంతమంది జారిపోయారో తెలిసిపోతుంది. దీనికి రెండు మార్గాలు. కొద్దిపాటి అడ్వాన్సు తీసుకుని, క్లాసులు పండగ తర్వాతే మొదలుపెట్టడం ఒకటి. లేదంటే పండగకే ఒక పని అప్పజెప్పడం: బెంగళూరు నుంచో అమెరికా నుంచో వచ్చిన బావతో పది నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడి రమ్మనడం. బావ ఆటపట్టిస్తాడు, నిజమే. క్లాసులో చెప్పుకోవడానికి ఒక కథైనా దొరుకుతుంది.

అప్పటికీ రానివాళ్ల చీటీలు పారేయకూడదు. కొత్త వారం, కొత్త నెల, పుట్టినరోజు లాంటి మలుపుల్లో మనుషులు లక్ష్యాల వైపు మళ్లీ మొగ్గుతారని హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపించారు. మనకి మార్చి, ఏప్రిల్‌లలో ఉగాది రూపంలో రెండో కొత్త సంవత్సరం ఉంది. ఆ వారంలో పాత చీటీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, ఖాళీ గంట మారిందా అని ఒక్క ప్రశ్న అడగాలి. మారిందంటే బ్యాచ్ టైమ్ చెప్పాలి. లేదంటే పుట్టినరోజు ఎప్పుడో కనుక్కుని రాసి పెట్టుకోవాలి.